మధ్యాహ్నం తిన్నది రాత్రి దాకా కడుపులోనే ఎందుకుంటుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. ఆఫీసులో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు తోటివాళ్లతో కలిసి క్యాంటీన్‌లో భోంచేస్తాను. అక్కడ అన్నీ వేయించినవి, నూనె తేలేలా వండినవే. తినేటప్పుడు హాయిగానే ఉంటుంది, ఇంకాస్త అడిగి వేయించుకుంటాను కూడా. కానీ రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో అందరూ భోజనానికి కూర్చునేసరికి నాకు కడుపు నిండుగానే ఉంటుంది. వండినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని నాలుగు ముద్దలు తింటే, పదింటికి పడుకోగానే గుండెల్లో మంట, మధ్యాహ్నం తిన్నవాటి తేన్పులు. సెలవు రోజున ఇంట్లో తేలిగ్గా తింటే మాత్రం సాయంత్రం ఐదారింటికే ఆకలేస్తుంది. మావారు "నీకు జీర్ణశక్తి తగ్గిపోయింది, నూనంతా కడుపులో పేరుకుపోతోంది" అంటారు. నా స్నేహితురాలేమో కొవ్వు తింటే ఆకలి చస్తుంది, బరువు తగ్గుతావంది. ఆమె మాట విని పొద్దున్నే కాఫీలో వెన్న వేసుకుని తాగుతున్నాను. బరువు మాత్రం తగ్గలేదు. నాకేమైనా జబ్బా? ఇద్దరిలో ఎవరి మాట నిజం?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది సెలవు రోజు గురించి మీరు రాసిన ఒక్క వాక్యం. జీర్ణశక్తి నిజంగా తగ్గిపోయి ఉంటే అది ఆదివారం ఒక్కరోజు బాగై సోమవారం మళ్లీ పాడవదు. తేలికైన భోజనం నాలుగు గంటల్లో ఖాళీ అవుతోందంటే మీ జీర్ణాశయం తన పని తాను చేస్తున్నట్టే. తేడా మీ కడుపులో కాదు, అందులోకి వెళ్లే కొవ్వులో ఉంది. కాబట్టి ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఏ పరిస్థితిలో డాక్టర్‌ను కలవాలో చివర్లో చెబుతాను.

జీర్ణాశయం ఎంత త్వరగా ఖాళీ కావాలన్నది దాని చేతుల్లో లేదని చాలామందికి తెలియదు. తిన్నదాన్ని అది యాసిడ్‌తో కలిపి, నిమిషానికి మూడుసార్ల చొప్పున పిండుతూ, ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యేదాకా నూరుతుంది. ఆ జావ పైలోరస్ అనే సన్నటి కండరపు ద్వారం గుండా కొద్దికొద్దిగా చిన్నపేగులోకి దిగుతుంది. ఎంత దిగాలన్నది మాత్రం చిన్నపేగే తేలుస్తుంది. వచ్చింది ఏమిటో రుచి చూసి, దాన్ని అరిగించి పీల్చుకోవడానికి తనకెంత టైం కావాలో పైకి కబురు చేస్తుంది.

కొవ్వు విషయంలో ఆ కబురు చాలా గట్టిగా వెళ్తుంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. మన పేగుల్లో ఉండేదంతా నీరే, కొవ్వేమో నీటిలో కలవదు. దాన్ని ముందు పైత్యరసంతో చిన్నచిన్న బొట్లుగా విడగొట్టాలి, తర్వాత క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైమ్ ఆ బొట్లను కొవ్వు ఆమ్లాలుగా తెంచాలి, అప్పుడే పేగు గోడ పీల్చుకోగలదు. ఒక్కసారిగా గరిటెడు నూనె వచ్చిపడితే ఇదంతా జరిగే వీలుండదు, అరగని కొవ్వు విరేచనంలో పోతుంది. అందుకే చిన్నపేగు మొదటి భాగం గోడలో దీన్ని కనిపెట్టడానికే అన్నట్టు 'ఐ కణాలు' అక్కడక్కడా అమరి ఉంటాయి. కొవ్వు ఆమ్లాలు తగలగానే ఇవి కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్‌ను వదులుతాయి. డాక్టర్లు పొట్టిగా సీసీకే అంటారు.

ఈ సీసీకే ఏకకాలంలో నాలుగైదు పనులు చేస్తుంది. పిత్తాశయాన్ని పిండి పైత్యరసం రప్పిస్తుంది. 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని మొదట గుర్తించింది ఈ పని ద్వారానే. క్లోమం చేత ఎంజైములు విడుదల చేయిస్తుంది. పక్కనే ఉన్న వేగస్ నాడి కొసలను తట్టి మెదడుకు సంకేతం పంపుతుంది. ఆ సంకేతానికి బదులుగా జీర్ణాశయం పైభాగం వదులై తిండిని తనలోనే పట్టి ఉంచుకుంటుంది, కింది భాగంలో నూరడం మందగిస్తుంది, పైలోరస్ బిగుసుకుంటుంది. మీకు తెలిసేది మాత్రం "కడుపు నిండుగా ఉంది" అన్న ఒక్క భావనే.

ఇక్కడ ఒక సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీ స్నేహితురాలి మాటలో ఎంత నిజముందో దీన్నిబట్టే తేలుతుంది. పేగు కనిపెట్టేది నూనెను కాదు, నూనె అరిగాక వచ్చే కొవ్వు ఆమ్లాలను. లైపేజ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి అదే కొవ్వు భోజనం పెట్టి చూస్తే సీసీకే అంతగా పెరగదు, జీర్ణాశయం కూడా తొందరగా ఖాళీ అవుతుంది. పైగా ఏ కొవ్వు ఆమ్లమైనా సరిపోదు. అందులో కార్బన్ల గొలుసు కనీసం 12 పొడవుండాలి. అంతకంటే పొట్టివి మనుషుల్లో సీసీకేను పెద్దగా కదిలించవు. మనం వాడే చాలా వంటనూనెల్లో ఎక్కువగా ఉండేవి 16, 18 కార్బన్లవి కాబట్టి ఆ సంకేతం గట్టిగానే వెళ్తుంది. కాకపోతే నూనె నోట్లో పడ్డ వెంటనే వెళ్లదు. అది కడుపులోంచి కొంత కిందికి దిగి, అరిగి, కణాలకు తగిలాకే మొదలవుతుంది. రక్తంలో సీసీకే పెరగడం భోజనం మొదలైన పది పదిహేను నిమిషాలకు కనిపిస్తుంది. కొవ్వు భోజనం తర్వాత ఆ పెరుగుదల మూడు నాలుగు గంటలైనా నిలుస్తుంది, ఎందుకంటే కడుపులోంచి కొవ్వు కొద్దికొద్దిగా దిగుతున్నంతసేపూ ఆ కణాలకు కొత్త కబురు అందుతూనే ఉంటుంది. హార్మోన్ ఆయుష్షు నిమిషాలే అయినా, దాన్ని పుట్టించేది గంటల తరబడి ఆగదు.

తినేటప్పుడు హాయిగా ఉండి, ఇంకాస్త వేయించుకోవాలనిపించడానికి కారణం ఇదే. తింటుండగా చేయి ఆపించేది ముఖ్యంగా కడుపు ఎంత సాగిందన్న లెక్క. నూనె పళ్లెంలో చోటు తీసుకోదు. అదే కూరగాయ, అదే పరిమాణం, నూనెలో వేగితే కేలరీలు రెట్టింపు కావచ్చు, కడుపు సాగడం మాత్రం అంతే. బ్రేకు పడేసరికి మీరు చేయి కడుక్కుని సీట్లో కూర్చుని ఉంటారు. కొవ్వు వల్ల వచ్చే నిండుదనం ఆలస్యంగా మొదలై, ఆలస్యంగా పోతుంది.

ఇప్పుడు మీ రోజునే లెక్కవేసి చూద్దాం. జీర్ణాశయం చిన్నపేగుకు పంపే శక్తి సుమారుగా నిమిషానికి రెండు మూడు కేలరీలు. ఇది మనిషి మనిషికీ, భోజనం భోజనానికీ మారుతుంది, కానీ ఉజ్జాయింపుకు పనికొస్తుంది. రెండున్నర అనుకుందాం. మీ క్యాంటీన్ భోజనంలో నూనె లేకుండా 500 కేలరీలు ఉన్నాయనుకోండి. అది ఖాళీ కావడానికి 200 నిమిషాలు, అంటే ఒంటిగంటన్నరకు తింటే ఐదింటికి కాస్త ముందు. మీ సెలవు రోజు ఆకలి వేళతో ఇది ఎంత దగ్గరగా సరిపోయిందో చూడండి. అదే భోజనంలో నాలుగు టేబుల్‌స్పూన్ల నూనె చేరిందనుకోండి. వేయించినవి రెండు, నూనె తేలే కూర ఒకటి ఉంటే అంత చేరడం కష్టమేమీ కాదు. నాలుగు చెంచాలంటే దాదాపు 55 గ్రాములు, గ్రాముకు 9 కేలరీల చొప్పున మరో 500. మొత్తం 1000 కేలరీలు, 400 నిమిషాలు. ఒంటిగంటన్నరకు ఆరు గంటల నలభై నిమిషాలు కలిపితే రాత్రి ఎనిమిది దాటి పది నిమిషాలు. మీ ఇంట్లో అందరూ భోజనానికి కూర్చునే వేళ అదే.

దీనికి తోడు ఇంకో అంచె ఉంది. కొవ్వు మరీ ఎక్కువై, పై భాగంలో పూర్తిగా పీల్చుకోకముందే కొంత చిన్నపేగు చివరి భాగం దాకా చేరితే, అక్కడి కణాలు పీవైవై, జీఎల్‌పీ-1 అనే హార్మోన్లను వదులుతాయి. ఇవి కూడా జీర్ణాశయాన్ని ఆపమనే చెబుతాయి. సీసీకే ముందుగా, ఇవి తర్వాత. భారీ భోజనం చేసిన రోజు సాయంత్రమంతా తిండి తలపే రాకపోవడంలో వీటి పాత్రా ఉంటుంది.

ఇక మీవారి మాట. నూనె పేరుకుపోవడం అన్నది జరగదు. అయితే ఆయన పూర్తిగా పొరబడ్డారని కూడా అనను. ఒక గ్లాసు నీటిలో నూనె పోస్తే ఎలా పైకి తేలుతుందో, కడుపులోనూ కొంత నూనె అలాగే విడిపోయి పైన తేలి ఉంటుంది, మిగతావాటికంటే వెనక దిగుతుంది. కానీ దిగుతుంది. రాత్రంతా నిలవుండి మర్నాటికి కలిసే సామాను కాదది. మీకు మధ్యాహ్నపు తేన్పులు రావడానికి ఈ తేలే పొర ఒక కారణం. సీసీకే అన్నవాహిక అడుగున ఉండే కవాటాన్ని కూడా కొంత వదులు చేయడం మరో కారణం. ఇంకా ఖాళీ కాని కడుపు మీద నాలుగు ముద్దలు వేసి, రెండు గంటల్లోపే వెల్లకిలా పడుకుంటే ఆ వదులు కవాటంలోంచి యాసిడ్ పైకి రావడం సహజం. మీ గుండెల్లో మంటకు మూలం రాత్రి భోజనం అనుకుంటున్నారేమో. సగం తప్పు మధ్యాహ్న భోజనానిదే.

స్నేహితురాలి మాటకు వస్తే, కొవ్వు ఆకలిని వాయిదా వేస్తుందన్నది నిజం, బరువు తగ్గిస్తుందన్నది వేరే విషయం. 1973లో గిబ్స్, యంగ్, స్మిత్ అనే ముగ్గురు ఎలుకలకు సీసీకే ఇస్తే తక్కువ తింటాయని చూపినప్పుడు, ఊబకాయానికి మందు దొరికినట్టేనని చాలామంది ఆశపడ్డారు. తర్వాత ప్రతి పూటా అదే హార్మోన్ ఇచ్చి చూస్తే, ఎలుకలు ఒక్కో పూట తక్కువే తిన్నాయి కానీ ఎక్కువసార్లు తిన్నాయి, మొత్తానికి లెక్క దాదాపు సరిపోయింది. సీసీకేలా పనిచేసే మందులు మనుషుల్లోనూ బరువు తగ్గించలేకపోయాయి. ఈ హార్మోన్ చెప్పేది "ఈ పూటకు చాలు" అని మాత్రమే, "ఈ రోజుకు చాలు" అని కాదు. పైగా కేలరీకి కేలరీ పోల్చి చూస్తే కొవ్వు మిగతావాటికంటే కడుపు నింపడంలో ముందుండదు. ప్రోటీన్ దానికంటే బాగా నిలుపుతుంది, ప్రోటీన్ ముక్కలకు కూడా సీసీకే విడుదలవుతుంది.

ఇంకొకటి కూడా గమనించాలి. రెండు వారాలు వరుసగా ఎక్కువ కొవ్వు తిన్నవాళ్లలో కొవ్వు భోజనం మునుపటికంటే తొందరగా ఖాళీ అవడం పరిశోధనల్లో కనిపించింది. పేగు ఆ కబురుకు అలవాటు పడిపోతుంది. మొదట్లో వెన్న కాఫీతో మధ్యాహ్నం దాకా ఆకలి లేదనిపించినా, రోజులు గడిచేకొద్దీ ఆ ప్రభావం తగ్గుతుంది. టేబుల్‌స్పూన్ వెన్నలోని సుమారు 100 కేలరీలు మాత్రం తగ్గవు. మీరు పొద్దున ఏమీ తినకుండా దాన్నే తాగుతున్నారా, టిఫిన్‌కు అదనంగా తాగుతున్నారా అన్నది రాయలేదు. అదనంగా అయితే బరువు తగ్గకపోవడంలో వింత లేదు, మానేస్తేనే మేలు. టిఫిన్‌కు బదులుగా అయితే, ఆ కాఫీ స్థానంలో గుడ్డో పెరుగో పప్పుదినుసులో లాంటి ప్రోటీన్ ఉన్నది పెట్టుకుని చూడండి. మధ్యాహ్నం అంత ఆవురావురుమంటూ క్యాంటీన్‌కు వెళ్లరు.

మరి ఏం చేయొచ్చు? మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు రెండు మూడున్నాయి. ఏది మీ ఇంటికి, ఆఫీసుకి కుదురుతుందో మీకే తెలుస్తుంది.

మధ్యాహ్నం నూనె సగం చేయడం మొదటిది. తోటివాళ్లతో కూర్చోవడం మానక్కర్లేదు. వేయించినవి రెండు తీసుకునే చోట ఒకటి తీసుకుని, కూర పైన తేలే నూనెను పక్కకు వంచేసి ముక్కలు మాత్రం వేసుకుంటే నాలుగు చెంచాలు రెండవుతాయి. మన పాత లెక్క ప్రకారం 750 కేలరీలు, 300 నిమిషాలు, అంటే సాయంత్రం ఆరున్నర. ఎనిమిదింటికి అందరితో కలిసి ఆకలిగా కూర్చోగలుగుతారు. దీనికి మూల్యం ఉంది: ఆరింటికల్లా మీకు ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. అప్పుడు దొరికింది మళ్లీ వేయించినదే అయితే బ్రేకు మళ్లీ మొదటికొస్తుంది. ఆ వేళకు పండో, అలాంటిదే కొవ్వు లేనిదో దగ్గర పెట్టుకోవాలి.

రెండోది, మధ్యాహ్నం మీకు అంత ఇష్టమైతే దాన్ని అలాగే ఉంచి రాత్రిని మార్చుకోవడం. మధ్యాహ్నమే మీ పెద్ద భోజనం అనుకోండి. రాత్రి ఆకలి లేనప్పుడు తినకపోవడం వల్ల మీకు నష్టమేమీ లేదు. ఏదైనా తీసుకోవాలంటే నూనె లేని పల్చటిది తీసుకోండి, ద్రవాలు ఘనపదార్థాల కంటే తేలిగ్గా దిగుతాయి. పడుకోవడానికీ తినడానికీ మధ్య మూడు గంటలు ఉండేలా చూసుకుంటే మంట చాలావరకు తగ్గుతుంది. కష్టమల్లా ఇంట్లోవాళ్లతోనే. దీనికి రోజూ నాలుగు ముద్దలు బలవంతంగా మింగడం కంటే ఒకసారి నోరు తెరిచి చెప్పడం మంచిదని నా అభిప్రాయం. "మధ్యాహ్నం తిన్నది ఇంకా అరగలేదు, నీ వంట నచ్చక కాదు" అంటే అర్థం చేసుకోని మనిషి ఉండరు. పళ్లెం ముందు పెట్టుకోకుండా కూడా అందరితో కూర్చుని కబుర్లు చెప్పవచ్చు. అయితే బరువు దృష్ట్యా ఈ దారిలో ఒక మెలిక ఉంది. మధ్యాహ్నం వెయ్యి కేలరీలు అలాగే ఉంటాయి కాబట్టి రాత్రి నిజంగా తగ్గితేనే లాభం.

మూడోది వారంలో కొన్ని రోజులు ఇలా, కొన్ని రోజులు అలా. చాలామంది చివరికి దీనికే వస్తారు. తప్పేం లేదు. రాత్రి ఎవరైనా ఇంటికి భోజనానికి వస్తున్నారనో, మీకిష్టమైనది వండుతున్నారనో ముందే తెలిసిన రోజున మధ్యాహ్నం నూనె తగ్గించుకుంటే సరిపోతుంది. నేను వద్దనేది ఒక్కటే: మధ్యాహ్నం తగ్గించి ఆ వేపుళ్లను రాత్రికి మార్చడం. ఆరున్నర గంటల బ్రేకును పడక మీదికి తీసుకెళ్లినట్టవుతుంది.

ఇదంతా మీ ఉత్తరంలో ఉన్న విషయాలను బట్టి. కింద చెప్పేవి మీకు ఉంటే మాత్రం ఆహారం మార్చి ఊరుకోకండి. సెలవు రోజు తేలికగా తిన్నా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, గంటల కిందట తిన్నది అరగకుండా వాంతి కావడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మింగడానికి అడ్డు తగలడం, మలం నల్లగా పోవడం. వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌ను కలవాలి. కొవ్వు తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పుట్టి, అరగంటకు పైగా నిలిచి, వీపుకో కుడి భుజానికో పాకుతుంటే అది పిత్తాశయంలో రాళ్ల వల్ల కావచ్చు. పైన చెప్పిన అదే సీసీకే పిత్తాశయాన్ని పిండినప్పుడు రాయి దారికి అడ్డుపడితే వచ్చే నొప్పి అది. అల్ట్రాసౌండ్‌లో తెలిసిపోతుంది. ఆ నొప్పితో పాటు జ్వరం గానీ కళ్లు పచ్చబడటం గానీ ఉంటే అదే రోజు వెళ్లాలి.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే వేగస్ నాడి దెబ్బతిని కడుపు నిజంగానే మందగించవచ్చు. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కూడా జీఎల్‌పీ-1 దారిలోనే కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. మీకు షుగర్ ఉన్నా, అలాంటి మందు వాడుతున్నా డాక్టర్‌కు ముందే చెప్పండి.

కడుపు ఎంత వేగంగా ఖాళీ అవుతోందో చూడాలని డాక్టర్ అనుకుంటే ఒక స్కాన్ చేయిస్తారు. లేశమంత రేడియోధార్మిక పదార్థం కలిపిన చిన్న భోజనం పెట్టి, నాలుగు గంటలపాటు మధ్యమధ్యలో ఫొటోలు తీస్తారు. నాలుగో గంటకు పదో వంతు కంటే ఎక్కువ మిగిలితే ఆలస్యం ఉన్నట్టు లెక్క. ఆ పరీక్ష భోజనాన్ని కావాలనే గుడ్డు తెల్లసొనతో, కొవ్వు దాదాపు లేకుండా తయారుచేస్తారు, ఎందుకంటే కొవ్వు పెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా ఆలస్యమే కనిపిస్తుంది. ఆదివారం తేలికైన భోజనం సాయంత్రానికల్లా మీకు అరిగిపోతోందంటే ఇంచుమించు అలాంటి పరీక్ష మీరు ఇంట్లోనే ప్రతివారం చేసుకుంటున్నారు. పై లక్షణాలేవీ లేకపోతే ఆ స్కాన్ అవసరం మీకు ఉందని నేననుకోను.